అవ్వ పెన్షన్ పోర్టల్ లాగిన్ కావడం లేదు, ఓటీపీ రావడం లేదు. ఎక్కడ తప్పు?

ప్రొద్దుటూరు_మనవడు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మా అవ్వకు 74 ఏళ్ళు. తాత హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాడు, నాలుగేళ్ళ కిందట పోయాడు. అప్పటి నుంచి అవ్వకు ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. ఇన్నేళ్ళలో ఆమె పోర్టల్ ముఖమే చూడలేదు, ఏటా లైఫ్ సర్టిఫికెట్ రోజుల్లో మా చిన్నాన్న బండి మీద తీసుకుపోయి వేలిముద్ర వేయించి తీసుకొచ్చేవాడు, అంతే.

ఈ నెల బ్యాంకు మెసేజ్‌లో 1,460 రూపాయలు తక్కువ పడింది. అవ్వకు అది చదవడం రాదు, పక్కింటి పిల్లోడితో చదివించుకుంది. ఎందుకు తగ్గిందో అడిగితే లాగిన్ అయి స్లిప్పు చూసుకోమన్నారట. ఆమె ఒక్కతే నెట్ సెంటర్‌కు పోయింది. వాళ్ళు యూజర్ ఐడీ కొట్టారు, పాస్‌వర్డ్ కొట్టారు, ఓటీపీ వస్తుందమ్మా చెప్పు అన్నారు. అవ్వ తన బటన్ ఫోన్ చేతిలో పట్టుకుని అట్లే కూర్చుంది. రాలేదు. మళ్ళీ కొట్టారు, మళ్ళీ రాలేదు. మూడోసారికి లాగిన్ లాక్ అయిపోయింది. యాభై రూపాయలు తీసుకుని, ఆధార్‌లో ఏదో తప్పుంది అని చెప్పి పంపించారు.

నేను బెంగళూరులో పని చేస్తా, ఈ మాట విని శుక్రవారం రాత్రి బస్సు ఎక్కి వచ్చేశా. అవ్వ ఏమంటోందంటే, "నాయనా, పెన్షన్ ఆపేస్తారేమో, నేను చచ్చిపోయినానని రాసుకున్నారేమో" అని. నిద్ర కూడా పోలేదంట. ఎవరికైనా ఈ లాగిన్ సంగతి తెలిస్తే చెప్పండి. పోర్టల్ పేరు, ఆఫీసు పేరు ఇక్కడ పెట్టడం లేదు.

తాడిపత్రి_లక్ష్మి | శనివారం, రాత్రి 9:58

అవ్వ పెన్షన్‌కు లాగిన్ ఎందుకు తమ్ముడూ? మా అత్తకు ఒకటో తేదీ పొద్దున్నే సచివాలయం వాళ్ళు ఇంటికే వచ్చి 4,000 చేతిలో పెట్టి పోతారు. వేలిముద్ర పడకపోతే ముఖం ఫోటో తీసుకుంటారు. మీ సచివాలయంలో అడగండి, వాళ్ళే చూస్తారు.

ప్రొద్దుటూరు_మనవడు | శనివారం, రాత్రి 10:03

అక్కా, అది ఎన్టీఆర్ భరోసా. మాది తాత ఉద్యోగం మీద వచ్చే ఫ్యామిలీ పెన్షన్, బ్యాంకు అకౌంట్లో పడుతుంది. సచివాలయం వాళ్ళకు ఇది కనబడదు.

ఆదోని_రఫీ | శనివారం, రాత్రి 10:15

నాది మొబైల్ షాపు. ఇలాంటివి రోజుకు నాలుగు వస్తాయి నా దగ్గరికి. ఆధార్‌కు ఫోన్ నంబర్ లింక్ అయ్యుండదు. ఆధార్ సెంటర్‌కు తీసుకుపోయి 75 రూపాయలు కట్టి అవ్వ నంబర్ ఎక్కించండి. కాగితాలేమీ అక్కర్లేదు, మనిషి పోతే చాలు. ఆధార్‌లో మారితే బ్యాంకు, పెన్షన్, గ్యాస్, అన్నిట్లో అదే మారిపోతుంది.

నంద్యాల_పెద్దాయన | శనివారం, రాత్రి 10:41

రఫీ బాబూ, కాగితాలు అక్కర్లేదన్న మాట నిజమే. ఆధార్‌లో మారితే అన్నిట్లో మారిపోతుందన్నది మాత్రం నిజం కాదు. నేను ఖజానా శాఖలో ఇరవై ఏడేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి, ఈ ఒక్క అపోహతో ఎంతమంది ముసలివాళ్ళు ఆధార్ సెంటర్‌కూ ఆఫీసుకూ మధ్య తిరిగి తిరిగి అలిసిపోయారో చూశాను.

ఒక పెన్షనర్ ఫోన్ నంబర్ మూడు చోట్ల విడివిడిగా ఉంటుంది. ఆధార్‌లో ఒకటి, బ్యాంకులో ఒకటి, పెన్షన్ రికార్డులో ఒకటి. ఒకచోట దిద్దితే రెండోచోట దానంతట అది దిద్దుకోదు. బ్యాంకు మెసేజ్ వస్తోంది కదా అని పోర్టల్ ఓటీపీ కూడా వస్తుందనుకోవడానికి లేదు.

మనవడా, నువ్వు మూడు పనులు చెయ్యి. మొదటిది, అవ్వ ఫోన్‌లో ఈ నెల బ్యాంకు మెసేజ్ వచ్చింది కాబట్టి ఫోను, సిమ్ము, సిగ్నలు బాగున్నట్టే. వాటి మీద టైం పెట్టొద్దు. రెండోది, ఆధార్ వెబ్‌సైట్‌లో Check Aadhaar Validity అని ఉంటుంది. లాగిన్ అక్కర్లేదు, ఆధార్ నంబర్ కొడితే వయసు ఏ పదేళ్ళ మధ్యనో, ఏ రాష్ట్రమో, లింకైన మొబైల్ ఆఖరి మూడు అంకెలు ఏవో చూపిస్తుంది. అవి అవ్వ నంబరువేనా చూడు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. లాక్ తెరుచుకున్నాక ఇంకొక్కసారి, ఒక్కసారి మాత్రమే, లాగిన్ కొట్టి ఓటీపీ పంపాం అని వచ్చే ఆ వాక్యం చివరిదాకా చదువు. నెట్ సెంటర్ వాళ్ళు దాన్ని చదవరు, నేరుగా పెట్టెలో ఏం కొట్టాలా అనే చూస్తారు.

కడప_సుజాత | శనివారం, రాత్రి 11:20

మా అమ్మకూ ఇట్లాగే అయింది పోయిన ఏడు. మాకైతే ఓటీపీ వచ్చింది, కొట్టాము, కొట్టిన తర్వాత వివరాలు సరిపోలేదు అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. చూస్తే ఆధార్‌లో పుట్టిన సంవత్సరం ఒకటి, పెన్షన్ మంజూరు పత్రం పీపీఓలో ఇంకొకటి. దిద్దించుకోవడానికి రెండు నెలలు తిరిగాము. మీ అవ్వదీ అదే అయ్యుంటుంది. పుట్టిన తేదీ చూసుకోండి ముందు.

నంద్యాల_పెద్దాయన | శనివారం, రాత్రి 11:32

అమ్మా, మీ కేసుకూ వీళ్ళ కేసుకూ తేడా అక్కడే ఉంది. మీకు ఓటీపీ వచ్చాక ఆగింది, అంటే నంబర్ సరైనదే, లోపల వివరాల్లో తేడా. వీళ్ళకు ఓటీపీయే రాలేదు. పుట్టిన తేదీ తప్పు అనడానికి యంత్రం ఇంకా అంతదూరం పోనే లేదు.

ప్రొద్దుటూరు_మనవడు | ఆదివారం, ఉదయం 11:05

పెద్దాయనా, మీరు చెప్పినట్టే చేశాను. ఆధార్ వెబ్‌సైట్‌లో ఆఖరి మూడు అంకెలు 683 అని చూపించింది. అది అవ్వ నంబరే. ఆధార్ బాగుంది, బ్యాంకు బాగుంది.

రాత్రి దాటాక లాక్ తెరుచుకుంది. నా లాప్‌టాప్‌లో ఒకేసారి కొట్టాను. ఇట్లా వచ్చింది:

```
OTP sent to XXXXXXXX38
```

అవ్వ నంబర్ చివర 83. స్క్రీన్ మీద 38. నేను దాన్ని రెండుసార్లు చూశా, అవ్వ ఫోన్ వెనకాల ప్లాస్టర్ మీద పెన్నుతో రాసి అంటించిన నంబర్ పక్కన పెట్టి మళ్ళీ చూశా. 83 కాదు, 38.

మైదుకూరు_శీను | ఆదివారం, ఉదయం 11:12

దొరికింది కదా! ఎవరో టైప్ చేసేటప్పుడు అంకెలు తిరగేశారు. 83 బదులు 38. ఇంక ఆఫీసుకు పోయి గట్టిగా అడుగు, మీరు తప్పు కొట్టి మా అవ్వను ఎందుకు తిప్పారు అని.

ఆదోని_రఫీ | ఆదివారం, ఉదయం 11:20

నాకూ అదే అనిపిస్తోంది. షాపులో రీచార్జికి కూడా ఇట్లా తిరగేసి ఎన్నిసార్లు పొరపాటు చేశామో.

నంద్యాల_పెద్దాయన | ఆదివారం, ఉదయం 11:48

ఆగండి ఆగండి. కనబడేది ఆఖరి రెండంకెలే, మిగతా ఎనిమిది మనం చూడలేదు. తిరగేసిన నంబర్ కావచ్చు, పూర్తిగా వేరే నంబరూ కావచ్చు. ఆఫీసులో పోట్లాడేముందు ఒక్కటి చూడండి. ఫ్యామిలీ పెన్షన్ మొదలుపెట్టేటప్పుడు డెత్ సర్టిఫికెట్, దరఖాస్తు, ఫోటోలు, ఆధార్, బ్యాంకు పుస్తకం ఇస్తారు. పేరు మారుతుంది, అకౌంట్ మారుతుంది, ఎందుకంటే అవి తప్పైతే డబ్బు పడదు, వెంటనే తెలుస్తుంది. మొబైల్ గడి ఖాళీగా లేదు కాబట్టి ఎవరూ దాని జోలికి పోరు. అందులో చనిపోయినాయన నంబరే అట్లా ఉండిపోతుంది. నేను చూసిన పది కేసుల్లో ఏడెనిమిది ఇవే.

మీ తాతగారి పాత నంబర్ ఎవరికైనా గుర్తుందా? పీపీఓ పుస్తకంలోనో, డైరీలోనో వెతుకు.

ప్రొద్దుటూరు_మనవడు | ఆదివారం, మధ్యాహ్నం 2:30

పెద్దాయనా, మీకు దండం.

అవ్వ పీపీఓ కాగితాలన్నీ ఒక పసుపు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, దాన్ని మళ్ళీ పాత చీర ముక్కలో చుట్టి, ఇనప బీరువాలో బట్టల కింద పెట్టింది. అన్నీ మంచం మీద పరిచాను. పీపీఓ వెనక అట్ట మీద తాత రాత ఉంది, నీలం సిరా, ఆయన అంకెలు వేసే తీరు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు, ఏడుకు మధ్యలో గీత పెడతాడు. ఫోన్ నంబర్ అని రాసి, కింద పది అంకెలు. చివర 38.

అవ్వకు చదివి వినిపిస్తుంటే ఐదో అంకె దగ్గరే ఆపేసి మిగతా ఐదూ తనే చెప్పేసింది. "ఇది మీ తాత నంబర్ కదరా" అంది. పన్నెండేళ్ళు ఆయన ఫోన్ నంబర్ అది. ఆయన పొలం కాడికి పోతే ఎవరో ఒకరితో ఆ నంబరుకు చేయించుకునేది.

శీను అన్నా, ఎవరూ తిరగేయలేదు. 83, 38 అనేది ఊరికే అట్లా కలిసింది.

మైదుకూరు_శీను | ఆదివారం, మధ్యాహ్నం 2:41

నిజమే, నేను తొందరపడ్డా. ఆ సిమ్ ఇంట్లో ఉందేమో చూడు, రీచార్జ్ చేసి ఫోన్లో వేస్తే ఓటీపీ వచ్చేస్తుంది కదా, అయిపోతుంది పని.

ఆదోని_రఫీ | ఆదివారం, మధ్యాహ్నం 2:55

ఇది నాకు బాగా తెలిసిన సంగతి కాబట్టి చెప్తున్నా. నాలుగేళ్ళు వాడని సిమ్ బతికి ఉండదు. 90 రోజులు ఆ నంబర్ నుంచి కాల్ గానీ మెసేజ్ గానీ డేటా గానీ ఏమీ లేకపోతే, బ్యాలెన్స్ కూడా లేకపోతే, ఆపేయొచ్చు. ఆపేసిన తర్వాత ఇంకో 90 రోజులు ఎవరికీ ఇవ్వకూడదు, ఆ తర్వాత కొత్తవాళ్ళకు అమ్మేయొచ్చు. పాత సిమ్ ముక్క చేతిలో ఉన్నా లాభం లేదు, ఆ నంబర్ ఇప్పుడు వేరేవాళ్ళది అయ్యుంటుంది. రింగ్ ఇచ్చి చూడండి.

ప్రొద్దుటూరు_మనవడు | ఆదివారం, మధ్యాహ్నం 3:26

సిమ్ ఉంది. తాత చిన్న ఫోన్‌ను అవ్వ బొట్టుపెట్టెలో పెట్టుకుంది, సిమ్ అందులోనే ఉంది. చార్జింగ్ పెడితే ఫోన్ వెలిగింది గానీ సిగ్నల్ రాలేదు.

నా ఫోన్ నుంచి ఆ నంబరుకు చేశాను. అవ్వ పక్కనే కూర్చుంది. రింగ్ అవుతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఒక అబ్బాయి ఎత్తాడు. గుంతకల్లు పక్కనంట, ఏడెనిమిది నెలల కిందట కొత్త సిమ్ తీసుకుంటే ఈ నంబర్ ఇచ్చారంట. మంచివాడే. "అవునన్నా, పోయిన వారం మూడు ఓటీపీలు వచ్చినాయి, ఈ పొద్దు ఒకటి వచ్చింది, నాకేం అర్థం కాలేదు" అన్నాడు. నెట్ సెంటర్లో మూడు, నేను కొట్టింది ఒకటి, లెక్క సరిపోయింది.

ఫోన్ పెట్టేశాక అవ్వ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ పిల్లోడి గొంతు బాగుంది" అంది.

మైదుకూరు_శీను | ఆదివారం, మధ్యాహ్నం 3:34

ఇంకేం మరి, ఆ అబ్బాయి మంచివాడే అంటున్నావు కదా. ఒక్కసారి లాగిన్ కొట్టి ఆ ఓటీపీ అతన్ని అడుగు. లోపలికి పోయి ప్రొఫైల్‌లో నంబర్ మార్చేసుకో. ఆఫీసు చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

నంద్యాల_పెద్దాయన | ఆదివారం, సాయంత్రం 4:10

వద్దు నాయనా. ఎందుకు వద్దో చెప్తాను, కోప్పడొద్దు.

ఆ అబ్బాయి నిజంగా మంచివాడే కావచ్చు. కానీ ముక్కూ ముఖం తెలియనివాళ్ళు ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పకూడదని ఊరంతా నేర్పుతున్నాం. మనమే ఫోన్ చేసి అడిగితే, రేపు ఇంకెవడో అడిగినా అతను చెప్తాడు. ఇంకో సంగతి. మీరు ఒకసారి లోపలికి పోయి నంబర్ మార్చాలని చూసినా, మొబైల్ మార్చడానికి మళ్ళీ పాత నంబరుకే ఓటీపీ పంపే పోర్టళ్ళు ఎక్కువ. పాస్‌వర్డ్ మరిచిపోయాను అని నొక్కినా ఓటీపీ పోయేది అక్కడికే. ఏ తలుపు తట్టినా తాళంచెవి గుంతకల్లులోనే ఉంది. కాబట్టి బయటి నుంచి, కాగితం మీద మార్పించుకోవడమే దారి.

సోమవారం అవ్వను తీసుకుని పెన్షన్ ఇచ్చే ఆఫీసుకే వెళ్ళు. తెల్లకాగితం మీద రాయి, పెద్దగా ఏమీ అక్కర్లేదు. పీపీఓ నంబరు, అవ్వ పేరు, తాతగారి పేరు, ఆయన పోయిన తేదీ, రికార్డులో ఉన్న పాత నంబర్ పూర్తిగా, పెట్టాల్సిన కొత్త నంబర్ పూర్తిగా. పాత నంబర్ ఇప్పుడు వేరేవాళ్ళ వాడకంలో ఉంది అని ఒక్క వాక్యం తప్పకుండా రాయి, అది రాస్తే పని తొందరగా కదులుతుంది. ఆధార్, పీపీఓ మొదటి పేజీ, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సులు పెట్టు. రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకో. అది చేతిలో లేకుండా బయటికి రావొద్దు.

అవ్వకు ఒక్క మాట నా తరఫున చెప్పు. లాగిన్ ఆగితే పెన్షన్ ఆగదు. పెన్షన్ ఆగేది లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే. ఆమె వేలిముద్ర వేసింది కదా, ఆమె బతికే ఉందని వాళ్ళ దగ్గర రాసి ఉంది.

ప్రొద్దుటూరు_మనవడు | ఆదివారం, సాయంత్రం 4:32

ఆ ఆఖరి వాక్యం గట్టిగా చదివి వినిపించా. ఇంకోసారి చదవమంది.

కడప_సుజాత | ఆదివారం, సాయంత్రం 5:15

తమ్ముడూ, తాతగారి నంబర్ గ్యాస్ బుకింగ్‌లో, బ్యాంకు జాయింట్ అకౌంట్లో, ఇన్సూరెన్స్‌లో కూడా ఉందేమో చూసుకో. మేము నాన్న నంబర్ పోయాక గ్యాస్ డెలివరీ కోడ్ ఎవరికో పోతుంటే నెల రోజులు కనుక్కోలేకపోయాం.

ప్రొద్దుటూరు_మనవడు | సోమవారం, సాయంత్రం 6:20

ఈ రోజు పోయాము. సెలవు ఇంకో రోజు పెంచుకున్నా.

అక్కడ కూర్చున్న ఆమె కాగితం చదివి, స్క్రీన్ అవ్వ వైపు తిప్పి చూపించింది. పేరు అవ్వదే. అకౌంట్ అవ్వదే. ఫోటో అవ్వదే. మొబైల్ అనే గడిలో మాత్రం తాత నంబరు. పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం.

అవ్వ మనిషేనా అని చూడటానికి వేలిముద్ర పెట్టమన్నారు. పడలేదు. కుడి బొటనవేలు, చూపుడు వేలు, ఎడమవి, ఏవీ పడలేదు. నలభై ఏళ్ళు శనక్కాయలు ఒలిచిన వేళ్ళు అవి, గీతలు అరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, ఉంగరం వేలు పెడితే నాలుగోసారికి పచ్చలైటు వెలిగింది. పై అధికారి ఆమోదించాక మారుతుంది, రెండు మూడు పని దినాలు పడుతుంది అన్నారు. ముద్ర వేసిన కాపీ తీసుకున్నా. సుజాతక్కా, గ్యాస్‌లో కూడా తాత నంబరే ఉంది, అదీ మార్పించాం.

ఇప్పుడు నాకున్న సందేహం ఒక్కటే. ఏ నంబర్ పెట్టాలో అక్కడే మా చిన్నాన్నకూ నాకూ మాట తేడా వచ్చింది. ఆయన నా నంబర్ పెట్టమన్నాడు. నేను అవ్వదే పెట్టించా.

మైదుకూరు_శీను | సోమవారం, సాయంత్రం 6:44

మీ చిన్నాన్న చెప్పిందే సబబు. ఆమెకు మెసేజ్ చదవడం రాదంటివి. ప్రతిసారీ పక్కింటి పిల్లోడికి చూపిస్తే అదీ ప్రమాదమే కదా.

నంద్యాల_పెద్దాయన | సోమవారం, రాత్రి 8:05

పెన్షన్ ఎవరిదో నంబరూ వాళ్ళదే ఉండాలని నా మాట. రేపు నీ నంబర్ మారుస్తావు, నువ్వు ఇంకో దేశం పోతావు, మళ్ళీ ఇదే కథ. అవ్వ బటన్ ఫోన్‌కు ఓటీపీ బాగానే వస్తుంది, స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు. సిమ్ మాత్రం చావకుండా రీచార్జ్ చేస్తూ ఉండు.

ఆదోని_రఫీ | సోమవారం, రాత్రి 8:30

పెద్దాయన మాట కాదనలేను గానీ, నా షాపుకు వచ్చే ముసలోళ్ళలో సగం మందికి పిల్లల నంబర్లే ఉన్నాయి, ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది. చదవడం రానివాళ్ళకు అదే సులువు. అవ్వ ఓటీపీ ఎట్లా చెప్తుంది నీకు?

ప్రొద్దుటూరు_మనవడు | గురువారం, రాత్రి 9:15

ఈ రోజు మధ్యాహ్నం మారింది. నేను బెంగళూరు నుంచే లాగిన్ కొట్టాను, XXXXXXXX83 అని వచ్చింది. స్లిప్పు చూశా. 1,460 ఎవరూ కోయలేదు. ధరల పెరుగుదలకు ఇచ్చే డీఆర్ పాత బకాయి మూడు నెలలు విడతలుగా వేశారు, మూడో విడతతో అయిపోయింది, ఇప్పుడు పడింది ఆమె మామూలు పెన్షనే. ఆ మూడు నెలలు ఎక్కువ పడిన సంగతి మాలో ఎవరూ గమనించలేదు.

రఫీ అన్నా, నువ్వు అడిగినదానికి జవాబు. అవ్వకు ఇంగ్లీషు చదవడం రాదు గానీ అంకెలు వచ్చు, తాత నేర్పాడు. మెసేజ్‌లో అంకెలు ఎక్కడ కలిసి ఉంటే అవి ఒక్కొక్కటి చదువుతుంది. కాకపోతే ఫోన్‌లో ఓటీపీ చెప్పడం ఆమెకు నేనే అలవాటు చేసినట్టు అవుతుందని నాకు భయం పట్టుకుంది. నా గొంతులాగా మాట్లాడి ఇంకెవరన్నా అడిగితే? అందుకని సోమవారం రాత్రి బస్సెక్కే ముందు ఒకటి అనుకున్నాం. నేను అడిగినా సరే, ముందు ఆమె నన్ను ఒక ప్రశ్న అడగాలి. మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియనిది.

ఈ రోజు ఫోన్ చేసి, "అవ్వా, మెసేజ్ వచ్చింటాది, చదువు" అన్నా.

"చదువుతా గానీ, మీ తాత ఎనుమును ఏమని పిలుస్తాండె?" అంది.

పేరు చెప్పాను. అప్పుడు చదివింది, ఆరంకెలూ, మధ్యలో ఊపిరి తీసుకుని.

తాడిపత్రి_లక్ష్మి | గురువారం, రాత్రి 9:40

మొదట్లో నేను వేరే పెన్షన్ అనుకున్నా, ఏమీ అనుకోవద్దు తమ్ముడూ. ఆ గుంతకల్లు పిల్లోడికి ఒక మాట చెప్పినావా, ఇంక ఓటీపీలు రావని?

ప్రొద్దుటూరు_మనవడు | గురువారం, రాత్రి 9:52

చెప్పాను అక్కా. అవ్వే మాట్లాడింది అతనితో. ఆ నంబర్ ఆమెకు నోటికి వచ్చు కదా, తనే నొక్కుకుంది.